403లో ఆ తొమ్మిది ఎక్కడి నుంచి వచ్చింది?

తీసివేతల వర్క్‌షీట్‌లో 452 − 167 వచ్చినప్పుడు మూడో తరగతి పిల్లలు పెద్దగా తడబడరు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి పక్కనున్న ఐదు దగ్గర ఒకటి అప్పు తెచ్చుకుంటారు. ఐదు నాలుగవుతుంది, రెండు పన్నెండవుతుంది. పదుల దగ్గర కూడా అదే పని మళ్లీ చేసి 285 అని రాసేస్తారు. ఆ కింద 403 − 167 ఉంటే మాత్రం పెన్సిల్ ఆగిపోతుంది. మూడులోంచి ఏడు పోదు. అప్పు కోసం పక్కకు చూస్తే అక్కడ సున్న ఉంది. సున్న అంటే ఏమీ లేదని బడిలో చేరినప్పటి నుంచీ వింటున్న పిల్లవాడు దాని దగ్గర ఏం అడుగుతాడు?

అలా ఆగిపోయిన పిల్లలు చాలామంది లెక్కను ఖాళీగా వదలరు. ఏదో ఒక దారి చూసుకుని ముందుకు పోతారు. అమెరికాలో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ 1978లో ప్రచురించిన పరిశోధన ఈ విషయాన్నే లోతుగా చూసింది. తీసివేతలో పిల్లల తప్పుల్లో చాలావాటిని పరధ్యానం ఖాతాలో వేయలేమని, ఒక తప్పుడు పద్ధతిని పిల్లలు శ్రద్ధగా పాటించడం వల్లే అవి వస్తాయని వాళ్లు చూపించారు. రెండేళ్ల తర్వాత బ్రౌన్, కర్ట్ వాన్‌లేన్ కలిసి దాని వెనకున్న కారణాన్ని వివరించారు. నేర్చుకున్న పద్ధతి ఎక్కడో ఒకచోట అడ్డుపడుతుంది. అక్కడ పిల్లవాడు తనకు తోచిన మరమ్మతు చేసుకుని లెక్క పూర్తి చేస్తాడు. ఆ అడ్డు ఎక్కువగా వచ్చే చోటు, అప్పు అడగాల్సిన అంకె సున్న అయినప్పుడే.

ఆ మరమ్మతులు ఎలా ఉంటాయో 403 − 167లోనే చూడవచ్చు. సరైన జవాబు 236.

ఒక పిల్లవాడు 336 అని రాస్తాడు. సున్నను కొట్టేసి పైన తొమ్మిది వేయాలని అతనికి గుర్తుంది, వేశాడు. మూడును పదమూడు చేశాడు. నాలుగును మాత్రం ముట్టుకోలేదు. పదమూడులో ఏడు పోతే ఆరు, తొమ్మిదిలో ఆరు పోతే మూడు, నాలుగులో ఒకటి పోతే మూడు. జవాబు సరిగ్గా వంద ఎక్కువ వచ్చింది. వందల ఇంటి నుంచి తీసుకోవాల్సిన వంద తీసుకోకుండానే ఖర్చు పెట్టేశాడు.

ఇంకో పాప 246 రాస్తుంది. నాలుగును మూడు చేసింది, సున్నను పది చేసింది, మూడును పదమూడు చేసింది. పదిలోంచి ఒకటి ఒకట్ల స్థానానికి వెళ్లిపోయిందన్న సంగతి మరిచింది. అందుకే జవాబు పది ఎక్కువ.

మూడో జవాబు 146. ఈ పిల్లవాడు సున్నను దాటేసి నేరుగా నాలుగు దగ్గర అప్పు చేశాడు. నాలుగు మూడైంది, ఒకట్లలోని మూడు పదమూడైంది. పదుల దగ్గరికి వచ్చేసరికి సున్నలోంచి ఆరు పోదు. మళ్లీ వందల దగ్గరికే వెళ్లాడు, మూడు రెండైంది. జవాబు తొంభై తక్కువ. వందల ఇంటి నుంచి వంద తెచ్చి ఒకట్లకు పదే ఇచ్చాడు. మిగిలిన తొంభై దారిలోనే పోయింది. ఆ పోయిన తొంభైయే, టీచర్ సున్న మీద రాసే తొమ్మిది.

364 అని రాసేవాళ్లూ ఉంటారు. మూడుకూ ఏడుకూ తేడా నాలుగు, సున్నకూ ఆరుకూ తేడా ఆరు అంటూ, పైన ఉన్నది ఏదైనా సరే పెద్ద అంకెలోంచి చిన్నది తీసేశారు. వీళ్లకు చిక్కు సున్నతో కాదు. అప్పు అనే ఆలోచనే ఇంకా అందలేదు కాబట్టి రెండంకెల లెక్కల దగ్గరే మళ్లీ మొదలుపెట్టాలి.

మిగతా ముగ్గురిదీ వేరే కథ. వాళ్లకు అప్పు తెలుసు. తెలియనిది తొమ్మిది పుట్టుక. 'నాలుగు కొట్టెయ్, మూడు వెయ్. సున్న కొట్టెయ్, తొమ్మిది వెయ్' అని నేర్పినప్పుడు అది గుర్తుపెట్టుకోవాల్సిన తంతులా మిగిలిపోతుంది. తంతులో ఒక మెట్టు జారితే ఎక్కడ జారిందో తెలుసుకునే ఆధారం పిల్లల దగ్గర ఉండదు.

ఆ ఆధారం ఇవ్వడానికి డబ్బు చాలు. పిల్లల చేతికి నాలుగు వంద నోట్లు, మూడు రూపాయి బిళ్లలు ఇచ్చి 167 రూపాయలు ఇమ్మనండి. ఏడు బిళ్లలు కావాలి, ఉన్నవి మూడే. మార్చడానికి పది నోటు ఒక్కటీ లేదు. ఒక వంద నోటు మార్పిస్తే పది పది నోట్లు వస్తాయి. వాటిలో ఒకదాన్ని మళ్లీ చిల్లరగా మార్చాలి. ఇప్పుడు చేతిలో ఉన్నవి మూడు వందలు, తొమ్మిది పదులు, పదమూడు బిళ్లలు. కలిపితే మళ్లీ 403 రూపాయలే. పదోది చిల్లరైంది కాబట్టి పదులు తొమ్మిదే మిగిలాయని పిల్లలు కళ్లతో చూస్తారు. ఈ మార్పిడి జరుగుతున్నప్పుడే కాగితం మీద అంకెలు కొట్టించి మార్పించాలి. నోట్ల ఆట ఒకరోజు, కాగితం పని ఇంకోరోజు పెడితే రెండూ వేర్వేరు పాఠాలుగానే ఉండిపోతాయి.

దీని తర్వాత ఇంకో చూపు నేర్పవచ్చు, చాలా తరగతుల్లో ఇది చెప్పరు. 403లో పదులు ఎన్ని అని అడిగితే పిల్లలు సున్న అంటారు. పదుల స్థానంలో ఉన్న అంకె సున్నే, కానీ ఆ సంఖ్య మొత్తంలో నలభై పదులున్నాయి. నలభై పదుల్లోంచి ఒకటి అప్పిస్తే ముప్పై తొమ్మిది. కాబట్టి 40ని ఒకేసారి కొట్టేసి 39 వేయవచ్చు. 5002 − 1438లో ఈ చూపు మరీ అక్కరకొస్తుంది. ఐదు వందల పదుల్లోంచి ఒకటి తీస్తే 499, ఒకట్లు పన్నెండు. పన్నెండులో ఎనిమిది పోతే నాలుగు, 499లో 143 పోతే 356. జవాబు 3564. రెండు సున్నలున్నా అప్పు ఒక్కసారే జరిగింది.

ఒక్క తప్పు జవాబు చూసి పిల్లవాడి పద్ధతి తెలిసిపోయిందనుకోకూడదు. అడ్డు అదే అయినా మరమ్మతు మారుతుంటుంది. ఈ వారం 336 వేసిన బిడ్డ వచ్చే వారం 146 వేయవచ్చు. ఇలాంటివే మూడు నాలుగు లెక్కలు ఇచ్చి, తేడా ప్రతిసారీ వందో, పదో, తొంభయ్యో చూడాలి. ఒక లెక్కను నోటితో చెబుతూ చేయమనాలి. 'సున్నను తొమ్మిది చేశాను' అన్న పిల్లవాడిని 'ఎందుకు?' అని అడిగితే, పదిలో ఒకటి ఇచ్చేశానని వస్తుందా, టీచర్ చెప్పారని వస్తుందా అన్నదాన్ని బట్టి అసలు స్థితి బయటపడుతుంది.

వర్క్‌షీట్లు తయారుచేసేవాళ్లకూ ఇక్కడ పని ఉంది. సున్నల లెక్కలన్నీ ఒకే పేజీలో గుచ్చితే, సున్న కనిపిస్తే తొమ్మిది వేయడమే అని పిల్లలు పట్టేస్తారు. 430 − 167 ఇస్తే చివరి సున్న మీద కూడా తొమ్మిదే వేస్తారు. అక్కడ అది పది కావాలి. అందుకే 403, 430, 452 లాంటివి ఒకే పేజీలో కలిపి ఇవ్వాలి. పై వరుస మీద, కొట్టేసిన అంకె పైన కొత్త అంకె రాసుకోవడానికి వేలెడు ఖాళీ వదలాలి. పేజీకి ముప్పై లెక్కలు ఇరికించే బదులు ఎనిమిదో పదో ఇచ్చి, జవాబును కింది సంఖ్యతో కూడి చూసుకోమనడం మేలు. 336కు 167 కూడితే 503 వస్తుంది, అదనంగా వచ్చిన ఆ వందను పిల్లలే పట్టుకోగలరు.