ఆకుల సందుల్లోంచి ఆకాశాన్ని తీసేయాలంటే

మబ్బు పట్టిన రోజు వేపచెట్టును ఫొటో తీస్తే వెనక ఆకాశం సున్నం కొట్టిన గోడలా తెల్లగా వస్తుంది. దాన్ని తీసేసి వేరే ఆకాశం పెట్టాలనుకోండి. వేలకొద్దీ ఆకుల అంచుల వెంట చేత్తో గీత గీయడం అయ్యే పని కాదు. అక్కడే ల్యుమినాసిటీ మాస్క్ పనికొస్తుంది. హద్దు ఎక్కడో మనం చెప్పక్కర్లేదు, ఫొటోలోని వెలుగే చెబుతుంది. ఎంత వెలుగున్న పిక్సెల్ అంత మేరకు చెరిగిపోతుంది.

వెలుగును 0 నుంచి 255 దాకా కొలుస్తారు. మన ఫొటోలో ఆకు 60, ఆకాశం 230 అనుకుందాం. ఆ వెలుగునే నేరుగా మాస్క్‌గా వాడితే ఆకాశం తొంభై శాతమే పోతుంది, ఆకులో దాదాపు పావు వంతు కూడా పోయి చెట్టు పలచబడుతుంది. అందుకే ముందు మాస్క్‌ను సాగదీయాలి. ఫొటోషాప్‌లో Channels ప్యానెల్‌కు వెళ్లి Blue ఛానెల్‌కు నకలు తీయండి. పచ్చని ఆకు నీలం ఛానెల్‌లో బాగా నల్లగా కనబడుతుంది కాబట్టి మొత్తం వెలుగు కంటే ఇదే మేలు. పై రెండు విలువలనూ ఆ ఛానెల్‌లోనే చూసుకోవాలి. తర్వాత Levels తెరిచి నలుపు కొసను 60కి, తెలుపు కొసను 230కి జరపండి. ఇప్పుడు ఆకు పూర్తిగా నిలుస్తుంది, ఆకాశం పూర్తిగా పోతుంది. 150 ఉన్న అంచు పిక్సెల్ సుమారు 53 శాతం చెరుగుతుంది. ఆ మెత్తదనం కోసమే ఇంత శ్రమ.

ఛానెల్ బొమ్మ మీద Ctrl నొక్కి క్లిక్ చేస్తే సెలక్షన్ వస్తుంది. కదిలే చుక్కల గీతను మాత్రం నమ్మకండి. సగానికి పైగా ఎంపికైన చోటనే అది కనబడుతుంది. Delete కొట్టే బదులు సెలక్షన్‌ను తిరగేసి లేయర్ మాస్క్ పెట్టుకుంటే, తప్పు జరిగినా దిద్దుకోవచ్చు. తెల్లచొక్కా మనిషి ఉంటే అతనూ ఆకాశంతో పాటే మాయమవుతాడు. మాస్క్‌లో అక్కడ తెల్ల బ్రష్ వేసి వెనక్కి తేవాలి. నల్లని రాత్రి తీసేసి బాణసంచా మాత్రమే ఉంచాలంటే సెలక్షన్‌ను తిరగేయకుండానే మాస్క్ పెట్టాలి.

అసలు చిక్కు అంచుల్లో ఉంది. ఆ అంచు పిక్సెల్ సగం చెరిగినా దాని రంగులో పాత ఆకాశపు తెలుపు అలాగే ఉంటుంది. కొత్త ఆకాశం 120 అయితే, 150లో మిగిలిన 47 శాతం దానితో కలిసి అంచు 134కు చేరుతుంది. అంటే ఆకు కంటే, కొత్త ఆకాశం కంటే కూడా తెల్లన! చెట్టు చుట్టూ తెల్లని చార కనబడేది ఇందుకే. నిజానికి అక్కడ ఉండాల్సింది 92. మాస్క్‌ను ఎంత సవరించినా ఇది పూర్తిగా పోదు, తప్పు మాస్క్‌ది కాదు కాబట్టి.

జింప్‌లోని Color to Alphaకు పాత ఆకాశపు రంగును చూపిస్తే అది పిక్సెల్‌ను పలచబరచడమే కాక, దానిలో కలిసిన ఆ రంగునూ తీసేస్తుంది. ముదురు ఆకాశం పెట్టాలనుకునేవారు ముందు దాన్నే ప్రయత్నించండి.