బకాయి నోటీసులో ఏముండాలి?

ముంబై, ఠాణే, పుణె వైపు ఫ్లాట్ కొనుక్కున్నవారు దాంతోపాటు ఒక సహకార సంఘంలో సభ్యత్వమూ తీసుకున్నట్టే. అక్కడి హౌసింగ్ సొసైటీలు చాలావరకు 1960 నాటి మహారాష్ట్ర సహకార సంఘాల చట్టం కింద నమోదైనవి. గడువు దాటి మూడు నెలలైనా మెయింటెనెన్స్ కట్టని సభ్యుడు బకాయిదారు కిందికి వస్తాడు, కమిటీలో ఉండే అర్హతా పోతుంది. అప్పుడు కమిటీ ఒక ఉత్తరం రాస్తుంది. చాలామంది సెక్రటరీలు దాన్ని బెదిరింపులా రాసేస్తారు. రేపు వసూలుకు దరఖాస్తు పెడితే అదే ఉత్తరం రిజిస్ట్రారు బల్ల మీదికి వెళుతుందన్న సంగతి ఆ కోపంలో గుర్తుండదు.

ఆ ఉత్తరంలో మొదట చూడాల్సింది లెక్క. బకాయిపై ఎంత వడ్డీ వేయాలో జనరల్ బాడీ నిర్ణయిస్తుంది. మోడల్ బైలాస్ ప్రకారం అది ఏడాదికి 21 శాతం మించకూడదు, అదీ బారువడ్డీయే. ఉదాహరణకు ఒక ఫ్లాటుకు నెలకు 4,000 రూపాయల బిల్లు, నెలాఖరు గడువు అనుకుందాం. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఆరు బిల్లులు కట్టలేదు. అసలు 24,000. సెక్రటరీ ఆ మొత్తం మీద ఆరు నెలలకు నెలకు 1.75 శాతం చొప్పున వడ్డీ కట్టి 2,520 రాశారు. ఇది తప్పు. ఏప్రిల్ బిల్లు సెప్టెంబరు చివరికి అయిదు నెలలు ఆలస్యమైంది, మే బిల్లు నాలుగు నెలలు, అలా తగ్గుతూ సెప్టెంబరు బిల్లుకు ఆలస్యమే లేదు. ఒక్కో నెల ఆలస్యానికి 70 రూపాయలు. మొత్తం పదిహేను నెలల ఆలస్యానికి వడ్డీ 1,050. అంటే రావాల్సింది 25,050. పాత వడ్డీని కొత్త బిల్లులో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ వేసే సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి, అదీ చెల్లదు.

అందుకే ఉత్తరానికి బిల్లువారీ పట్టిక జతచేయాలి. ఏ బిల్లు, ఎప్పటి గడువు, ఎన్ని నెలలు, ఎంత వడ్డీ అన్నది అందులో కనబడాలి. ఛార్జీలు ఏ బైలా కింద, వడ్డీ ఏ బైలా కింద, రేటు నిర్ణయించిన జనరల్ బాడీ తీర్మానం ఏ తేదీది అన్నవి రాయాలి. బైలా నంబర్లు తమ సొసైటీకి నమోదైన ప్రతిలోవే రాయాలి. పక్క సొసైటీ ఉత్తరం చూసి నంబర్లు దించుకుంటే మొదటి అభ్యంతరం అక్కడే వస్తుంది. ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపాలి, లేదా చేతికిచ్చి సంతకం తీసుకోవాలి. వాట్సాప్ గ్రూపులో పెడితే పరువు పోవడమే తప్ప నోటీసు అందినట్టు రుజువు దొరకదు.

ఇక విచారణ. ఉత్తరం చివర, ‘ఫలానా తేదీన, ఫలానా సమయానికి సొసైటీ ఆఫీసుకు రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంటుతో రండి, రాలేకపోతే లిఖితపూర్వకంగా జవాబివ్వండి’ అని ఉంటుంది. తయారుకావడానికి వారం పది రోజులైనా వ్యవధి ఇవ్వాలి. దీన్ని మర్యాద కోసం పెట్టిన వాక్యంగా చూడటం పొరపాటు. మన ఉదాహరణలోని సభ్యుడు స్టేట్‌మెంటు తెచ్చి, మే 31న 8,000 బదిలీ చేశానని చూపించారనుకోండి. ఫ్లాట్ నంబరు రాయనందువల్ల ఆ సొమ్ము సస్పెన్స్ ఖాతాలో పడి ఉంది. లెక్క మళ్లీ వేస్తే ఏప్రిల్ బిల్లుకు ఒక నెల వడ్డీ 70, జూన్ నుంచి మిగిలిన నాలుగు బిల్లులకు 420. అసలు 16,000తో కలిపి 16,490. విచారణ లేకపోతే కమిటీ 8,560 రూపాయలు ఎక్కువ అడిగి ఉండేది.

‘పైకప్పు కారుతోంది, బాగుచేసేదాకా కట్టను’ అనే సభ్యులూ ఉంటారు. ఆ ఫిర్యాదు న్యాయమైనదే కావచ్చు. కమిటీ దాన్ని విడిగా రాసుకుని జవాబు చెప్పాలి. అంతమాత్రాన మెయింటెనెన్స్ ఆపే హక్కు సభ్యుడికి రాదు. అలాగే బకాయి ఉందని నీళ్లు ఆపే అధికారం బైలాస్ కమిటీకి ఇవ్వలేదు.

ఉత్తరంలో ‘సభ్యత్వం రద్దు చేస్తాం’ అని రాయడం మరో అలవాటు. బహిష్కరణ దారే వేరు. దానికి జనరల్ బాడీ సమావేశంలో నాలుగింట మూడొంతుల మెజారిటీ, సభ్యుడికి తన వాదన చెప్పుకునే అవకాశం, ఆపైన రిజిస్ట్రారు ఆమోదం కావాలి. కమిటీ ఆఫీసులో జరిగే బకాయి విచారణతో దాన్ని కలపకూడదు.

సభ్యుడు రాకపోతే ఆ సంగతి మినిట్స్‌లో రాసి, ఉన్న రికార్డు ప్రకారం కమిటీ తీర్మానం చేస్తుంది. తర్వాత 2019 సవరణతో వచ్చిన 154బి-29 సెక్షన్ కింద వసూలు సర్టిఫికెట్ కోసం రిజిస్ట్రారును అడగవచ్చు. సర్టిఫికెట్ వస్తే ఆ సొమ్మును భూమి శిస్తు బకాయిలా వసూలు చేస్తారు.

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకు ఈ ఉత్తరం యథాతథంగా పనికిరాదు. ఇక్కడ సంఘాలు చాలా 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైనవి. వాటికి రిజిస్ట్రారు ఇచ్చే వసూలు సర్టిఫికెట్ దారి లేదు, చివరికి కోర్టుకే వెళ్లాలి. కాబట్టి నోటీసులో సెక్షన్లు రాసేముందు తమ సంఘం ఏ చట్టం కింద నమోదైందో రిజిస్ట్రేషన్ పత్రం తీసి చూసుకోవాలి.