గదిలో దగ్గర, నలుగురిలో దూరం

ఇద్దరే ఉన్నప్పుడు ఎంతో ఆప్యాయంగా ఉండే భాగస్వామి చుట్టాల ముందో, ఆఫీసువాళ్ల ముందో ముక్తసరిగా మారిపోవడం తెలుగు ఇళ్లలో తరచుగా కనిపిస్తుంది. భర్తల్లో ఎక్కువ, భార్యల్లోనూ ఉంటుంది. అవతలి మనిషికి ఇది అర్థం కాదు. రాత్రి కబుర్లు చెప్పిన మనిషి పొద్దున హాల్లో ఎదురుపడితే చూపు తిప్పుకుని వెళ్లిపోతే, రెండింటిలో ఏది నిజమన్న అనుమానం వస్తుంది. ఈ చిక్కు విడాలంటే ప్రేమను నలుగురిలో చూపడాన్నీ, బంధాన్ని నలుగురిలో ఒప్పుకోవడాన్నీ వేరుచేసి చూడాలి.

పాతకాలపు తెలుగు కుటుంబం మొదటిదాన్ని గట్టిగా కట్టడి చేసింది. అత్తమామల ముందు మొగుడూపెళ్లాలు పక్కపక్కన కూర్చునేవారు కారు. ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకునేవారు కారు. పిల్లవాణ్ని పెద్దలముందు ఎత్తుకోవడానికి కూడా మొహమాటపడిన తండ్రులున్నారు. కానీ అదే కుటుంబం రెండోదానికి ఏ లోటూ రానివ్వలేదు. పెళ్లిలో బ్రహ్మముడి వేసి ఊరందరి ముందు నడిపించేది. సత్యనారాయణ వ్రతమైనా, గృహప్రవేశమైనా దంపతులను కలిపే పీటల మీద కూర్చోబెట్టేది. అంటే ఆచారం దాచమన్నది అనురాగాన్ని. బంధాన్ని దాచమని ఎన్నడూ చెప్పలేదు. భార్యను నలుగురిలో చిన్నచూపు చూస్తూ ‘మా ఇళ్లలో ఇంతే’ అనేవాడు ఆచారానికి లేని అర్థాన్ని అంటగడుతున్నాడు.

అనురాగాన్ని ఎందుకు దాచమన్నారో మనోవిశ్లేషకుడు సుధీర్ కక్కర్ 1978లో వచ్చిన ‘ది ఇన్నర్ వరల్డ్’ పుస్తకంలో వివరించాడు. కొడుకు మనసు పూర్తిగా భార్య వైపు మొగ్గితే తల్లిదండ్రుల పట్ల, అన్నదమ్ముల పట్ల అతని విధేయత సడలుతుందని ఉమ్మడి కుటుంబం భయపడుతుంది. అందుకే కొత్త దంపతుల మధ్య చనువు పెరుగుతున్న గుర్తులను పెద్దలు ప్రోత్సహించరు. ‘పెళ్లాం కొంగు పట్టుకు తిరుగుతున్నాడు’ అన్న ఎత్తిపొడుపు ఆ భయంలోంచి పుట్టిందే. ఆ మాటలు వింటూ పెరిగిన మగవాడికి అమ్మ ఎదురుగా భార్యతో నవ్వుతూ మాట్లాడటం తప్పుచేస్తున్నట్టు అనిపిస్తుంది. హైదరాబాద్ ఫ్లాట్‌లో ఆ సంకోచం కనపడదు. ఊళ్లో గుమ్మం దాటగానే తిరిగొస్తుంది.

అమెరికాలో పనిచేసిన సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గోఫ్మన్ 1971లో రాసిన ఒక పుస్తకంలో, ఇద్దరి మధ్య బంధం ఉందని చూసేవాళ్లకు తెలియజేసే చిన్న చిన్న గుర్తుల గురించి చెప్పాడు. చేయి పట్టుకోవడం వాటిలో ఒకటి మాత్రమే. కట్టుబాట్లున్న ఇంట్లో ఈ గుర్తులు మరో రూపంలో ఉంటాయి. ‘మీ పిన్ని తిన్నదేమో కనుక్కో’ అని చిన్నపిల్లతో అడిగించడం, ఇంటికి ఎప్పుడు బయల్దేరాలన్నది ఆమెను అడిగాకే చెప్పడం, కొత్తగా వచ్చిన చుట్టానికి ఆమెను తానే పరిచయం చేయడం ఇలాంటివే. మొహమాటస్థుడి ప్రేమను ఇక్కడే వెతకాలి. ఇవి ఉంటే పైకి కనిపించే దూరం మర్యాద మాత్రమే. ఇవి కూడా లేకపోతే ఆలోచించాల్సిందే.

ఒక ఊహా సందర్భం తీసుకుంటే ఈ తేడా స్పష్టమవుతుంది. పెళ్లయి రెండేళ్లయిన జంట. ఇద్దరూ హైదరాబాద్‌లో ఉద్యోగస్థులు. ఇంట్లో అతను కాఫీ కలిపిస్తాడు, ఆమెకు తలనొప్పి వస్తే తల పడతాడు. సంక్రాంతికి భీమవరం దగ్గరి సొంతూరు వెళ్లారు. భోగినాడంతా అతను అరుగు మీద మగవాళ్లతోనే గడిపాడు, ఆమెతో రెండు మాటలు కూడా మాట్లాడలేదు. కానీ మధ్యాహ్నం వంటింట్లో ఆలస్యమైతే మేనకోడలిని పంపి ఆమె తిన్నదో లేదో అడిగించాడు. ఇక్కడివరకూ జరిగింది ఆచారమే. ఆమెకు వెలితిగా అనిపించినా, అందులో అవమానం లేదు. పండగనాడు అతని పెద్దమ్మ అందరి ముందు ‘ఉద్యోగాలు చేసే పిల్లలకు అరిసెల పాకం ఏం తెలుస్తుందమ్మా’ అంది. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. ఆ రాత్రి గదిలో ఆమె చేయి పట్టుకుని ‘పట్టించుకోకు, ఆవిడ అంతే’ అన్నాడు. గీత దాటింది ఆ నవ్వు దగ్గరే. అప్పటిదాకా అతను ప్రేమను దాచాడు, ఆ క్షణంలో భార్య పక్షాన్నే వదిలేశాడు. గదిలో దొరికిన ఓదార్పు హాల్లో పోయిన పరువును తిరిగి తేలేదు, ఎందుకంటే అక్కడ నవ్వినవాళ్లెవరూ ఆ ఓదార్పును చూడలేదు.

దీన్ని చుట్టాల మధ్యే తేల్చుకోబోతే అతను తల్లి వైపుకే జరుగుతాడు. ఇంటికి చేరి, ఇద్దరూ స్థిమితపడ్డాక మాట్లాడటం మేలు. ‘మీకు నేనంటే లెక్కే లేదు’ అంటే గొడవ ఎటో పోతుంది. ‘పెద్దత్తయ్య అలా అన్నప్పుడు మీరూ నవ్వారు, నాకు అది గుచ్చుకుంది’ అంటే జరిగిన సంగతి ఒక్కటే ముందుంటుంది. కోరేది కూడా చిన్నదై ఉండాలి. చేయి పట్టుకోమని కాకుండా, అలాంటి మాట వచ్చినప్పుడు ‘మా ఇంట్లో పాకం తనే పడుతుంది పెద్దమ్మా’ అని ఒక్కమాట అనమనడం చాలు. పెద్దల గౌరవానికి లోటు రాని ఆ మాట అతని నోట పలుకుతుంది. మారాడా లేదా అన్నది క్షమాపణలో తేలదు. మళ్లీ నలుగురూ కూడిన రోజున తేలుతుంది.

దూరం ఎవరి ముందు అన్నది కూడా గమనించాలి. పెద్దల ముందు మాత్రమే బిగుసుకుపోయి స్నేహితుల్లో మామూలుగా ఉంటే అది పెంపకం తెచ్చిన సంకోచం. అందరితో సరదాగా ఉంటూ భార్య దగ్గరే ముఖం మాడ్చుకుంటే, ఆమె చదువునో రంగునో యాసనో తక్కువగా భావిస్తున్నాడేమో చూడాలి. నలుగురిలో కించపరచి గదిలో బుజ్జగించడం పదేపదే జరుగుతుంటే, అడిగినందుకు కోపగించుకుంటుంటే, అది మొహమాటం పరిధి దాటిపోయింది. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం అవమానించడం, హేళన చేయడాన్ని కూడా మాటలతో, మానసికంగా చేసే హింసగా గుర్తించింది.

ఆఫీసు సంగతి వేరు. ఒకేచోట పనిచేసే దంపతులు అక్కడ ముభావంగా ఉండటం సహజమే. ఒకరి పనిని మరొకరు పర్యవేక్షించాల్సి వస్తే తప్పనిసరి కూడా. పెళ్లి సంగతి సంస్థకు తెలిసి ఉంటే ఈ దూరం వల్ల నష్టం లేదు. పెళ్లికాని జంటల్లో ఒకరు అసలు బంధమే లేనట్టు నటిస్తుంటే ఇబ్బంది మొదలవుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త జస్టిన్ లేమిల్లర్ 2009లో ప్రచురించిన అధ్యయనాల్లో, బంధాన్ని రహస్యంగా ఉంచుతున్నవారిలో దాని పట్ల నిబద్ధత తక్కువగా ఉన్నట్టు కనిపించింది. రహస్యం వల్ల నిబద్ధత తగ్గిందా, నిబద్ధత లేకే రహస్యంగా ఉంచారా అన్నది ప్రతి జంటా తమకు తాము తేల్చుకోవాల్సిన ప్రశ్న.

కొందరికి రహస్యం ప్రాణరక్షణ. 2018లో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న యువకుణ్ని గర్భవతి అయిన భార్య కళ్లముందే నరికి చంపారు. అదే ఏడాది సుప్రీంకోర్టు, ఇలాంటి జంటలకు రక్షణ కల్పించాలనీ, సురక్షిత గృహాలు ఏర్పాటు చేయడాన్ని పరిశీలించాలనీ రాష్ట్రాలను ఆదేశించింది. ప్రమాదం వల్ల దాచుకునే జంటలో దాపరికం ఇద్దరి నిర్ణయం: ఎవరికి భయపడుతున్నారో, ఎప్పటివరకు దాచాలో, ఎవరితో మొదట చెప్పాలో ఇద్దరికీ తెలిసి ఉంటుంది. ఒకరే నిర్ణయించి, కారణం అడిగితే మాట దాటేస్తూ, ‘సమయం వచ్చినప్పుడు చెప్తా’ అంటూ ఏ గడువూ చెప్పకుండా ఏళ్లు గడిపేస్తుంటే, దాన్ని ఆ కోవలో చేర్చలేం.