తాతయ్య లేని తొలి సంక్రాంతి

ఇంట్లో పెద్దాయన పోయిన ఏడాది చాలా కుటుంబాలు పండగ చేయవు. సంవత్సరీకం అయ్యేదాకా పిండివంటలకు పొయ్యి వెలిగించరు, అరిసెలో జంతికలో చుట్టాలే పట్టుకొస్తారు. అలాంటి ఇంట్లో ఉన్న నాయనమ్మకు సంక్రాంతి శుభాకాంక్షలు చెప్పాలా, వద్దా? ఈ సందిగ్ధంలోనే చాలామంది మనవలు ఫోన్ చేయరు. లేదంటే అందరికీ పంపే ముగ్గుల బొమ్మనే వాట్సాప్‌లో ఆమెకూ పంపేస్తారు. నన్నడిగితే ఈ రెండూ ఆమెను ఒంటరిని చేసేవే.

చెప్పాలి. కాకపోతే అందులో తాతయ్య ఊసు ఉండాలి. సంక్రాంతి అసలే పెద్దలను తలచుకునే పండగ. ఎంతో మంది ఆ రోజు పితృదేవతలకు తర్పణాలు వదులుతారు, పెద్దల పేరు చెప్పి బట్టలు పెడతారు. ఆయన పేరెత్తితే ఏడుస్తుందేమోనని ఇంటిల్లిపాదీ మాట దాటేస్తుంటే, ఆయన్ని తలచుకోవడానికి ఆమెకు తోడు లేకుండా పోతుంది.

మాట ఇలా ఉంటే చాలు: “నాయనమ్మా, ఈసారి భోగి మంట అనగానే తాతయ్యే గుర్తొచ్చారు. తాటాకులు ముందురోజే తెచ్చి పెట్టేవారు కదా. కనుమ నాడు పొద్దున్నే వస్తున్నాను, రెండు రోజులు నీ దగ్గరే ఉంటాను. నన్ను దీవించు.” ఇందులో “హ్యాపీ” లేదు, “బాధపడకు” లేదు, “ధైర్యంగా ఉండు” అసలే లేదు. దీవెన అడగడం మాత్రం మరిచిపోకూడదు. భర్త పోయాక తన చేయి శుభానికి పనికిరాదన్న మాట ఆమె చిన్నప్పటి నుంచీ వింటూనే ఉంది. మీరు దీవెన అడిగితే ఆమె పెద్దరికం ఎక్కడికీ పోలేదని చెప్పినట్టే.

ఆ మాట నిజమో కాదో భోగి సాయంత్రం తేలిపోతుంది. ఆమె కూతురి అత్తవారింట్లో మైల ఉండదు కాబట్టి అక్కడ చంటిదానికి భోగిపళ్లు పోస్తారనుకుందాం. రేగిపళ్లు, చిల్లర నాణేలు, చెరుకు ముక్కలు పళ్లెంలో కలిపి పెట్టగానే అమ్మమ్మ తనంతట తానే గుమ్మం వెనక్కి జరుగుతుంది. అప్పటికప్పుడు పేరంటాళ్ల ముందు చేయి పట్టి లాక్కొస్తే ఆమెకు ఇబ్బంది. రెండు రోజుల ముందే కూతురు ఫోన్ చేసి, “అమ్మా, పళ్లు మొదట నువ్వే పోయాలి, మా అత్తగారికీ చెప్పాను” అంటే ఆలోచించుకునే వీలుంటుంది. వద్దంటే బలవంతం చేయొద్దు. చీర రంగు విషయంలోనూ అంతే: కొనే ముందు ఏది కడుతుందో ఆమెనే అడగాలి.

ఆమె ఏడిస్తే ఫోన్ పెట్టేయకండి, మాట మార్చకండి. కాసేపు ఊరుకుంటే ఆమే మళ్లీ మొదలుపెడుతుంది. చాలాసార్లు తాతయ్య గురించి మీకు తెలియని సంగతే చెబుతుంది.

ఇంకో ఫోన్ ముక్కనుమ రోజుకు ఉంచుకోండి. వచ్చినవాళ్లంతా బస్సులెక్కి వెళ్లిపోయేది అప్పుడే. ఆ రోజు “భోంచేశావా?” కాదు, “ఎవరితో కూర్చుని తిన్నావు?” అని అడగండి.