కుసుమ నూనెలో లేనిది

1982లో ఒక అమెరికన్ పోషకాహార పత్రికలో ఆరేళ్ళ పాప కేసు ఒకటి అచ్చయింది. తుపాకీ గుండు కడుపులో దిగడంతో డాక్టర్లు ఆ పాప పేగులో దాదాపు మూడు మీటర్లు తీసేయాల్సి వచ్చింది. నోటితో తిన్నది ఒంటికి పట్టే దారి లేదు. గ్లూకోజు, అమైనో ఆమ్లాలు, విటమిన్లు, ఖనిజాలు అన్నీ నరంలోకే ఎక్కించారు. కొవ్వు కోసం పాలలా తెల్లగా ఉండే ఒక ద్రవం వాడారు. దాన్ని కుసుమ నూనెతో తయారుచేస్తారు. నాలుగైదు నెలలు గడిచేసరికి పాపకు తిమ్మిర్లు మొదలయ్యాయి. కాళ్ళు లాగేవి, ఒళ్ళు తేలిపోయేది, ఒక్కోసారి నడవలేకపోయేది, చూపు మసకబారేది.

పాప రక్తాన్ని పరీక్షించినవాడు మిన్నెసోటాకు చెందిన రాల్ఫ్ హోల్మన్. కొవ్వు ఆమ్లాల లెక్కల్లో ఆయన ఆ కాలపు పెద్ద చెయ్యి. ఒమేగా-3, ఒమేగా-6 అని ఇవాళ మందుల షాపులో మనం వాడే పేర్లు వాడుకలోకి వచ్చింది కూడా ఆయన చలవే. రక్తంలో ఒమేగా-3 కొవ్వులు బాగా పడిపోయాయని తేలింది. కుసుమ నూనె ఆపి, సోయాబీన్ నూనెతో చేసిన ద్రవం ఎక్కించారు. కొన్ని వారాల్లో తిమ్మిర్లు, మసక, నడకలో ఇబ్బంది అన్నీ పోయాయి.

కుసుమ నూనె చెడ్డ నూనె కాదు. తాండూరు, జహీరాబాద్ వైపు రైతులు తరాలుగా కుసుమలు పండిస్తున్నారు. ఆ నూనెలో నాలుగింట మూడు వంతులు లినోలిక్ ఆమ్లమే. ఒమేగా-6 కుటుంబానికి మూలపురుషుడు అదే, మనిషికి తప్పనిసరి కూడా. ఒమేగా-3 కుటుంబానికి మూలమైన ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం మాత్రం అందులో లేనట్టే లెక్క. సోయాబీన్ నూనెలో అది ఏడు శాతం దాకా ఉంటుంది. ఇక్కడే అసలు ప్రశ్న. ఈ రెండు ఆమ్లాలకూ తేడా ఒకే ఒక్క ద్విబంధం, అంటే రెండు హైడ్రోజన్ పరమాణువులు. పాప ఒంట్లో మొదటిది పుష్కలంగా ఉంది. దాన్నుంచి రెండు హైడ్రోజన్లు తీసేస్తే రెండోది వచ్చేస్తుంది. ఆ కాస్త పని శరీరం ఎందుకు చేసుకోలేకపోయింది?

కొవ్వు ఆమ్లాన్ని 18 పెట్టెల రైలనుకుందాం. ఒక్కో పెట్టె ఒక్కో కార్బన్. ఒక కొసన ఇంజను ఉంటుంది, అది ఆమ్ల గుణమున్న కొస. రెండో కొసన గార్డు పెట్టె. పెట్టెల మధ్య లింకులు మామూలుగా ఒంటి లింకులు. కొన్నిచోట్ల మాత్రం రెండు హైడ్రోజన్లు పోయి జంట లింకు పడుతుంది, అదే ద్విబంధం. ఒమేగా సంఖ్య గార్డు పెట్టె నుంచి లెక్క. గార్డు వైపు నుంచి మొదటి జంట లింకు మూడో పెట్టె తర్వాత వస్తే ఒమేగా-3, ఆరో పెట్టె తర్వాత వస్తే ఒమేగా-6, తొమ్మిదో పెట్టె తర్వాత వస్తే ఒమేగా-9.

మన కణాలకు ఈ రైలుతో చేతనైన పనులు రెండు. ఒకటి పొడిగించడం: ఇంజనుకూ మొదటి పెట్టెకూ మధ్య ఒకేసారి రెండు పెట్టెలు దూర్చడం. గార్డు పెట్టె వెనక ఒక్క పెట్టె కూడా తగిలించలేవు. రెండోది జంట లింకు వేయడం. ఆ పని చేసే ఎంజైములను డీసాచురేజులంటారు. అవి కొలత తీసుకునేది ఇంజను వైపు నుంచే. ఒకటి తొమ్మిదో పెట్టె తర్వాత లింకు వేస్తుంది. మరొకటి ఆరో పెట్టె తర్వాత, ఇంకొకటి అయిదో పెట్టె తర్వాత వేస్తాయి. తొమ్మిది దాటి గార్డు వైపు చెయ్యి వేయగల ఎంజైము మనకు లేదు.

ఇప్పుడు లినోలిక్ ఆమ్లాన్నే తీసుకుందాం. ఇంజను నుంచి 9, 12 స్థానాల్లో దానికి జంట లింకులున్నాయి. మన కాలేయం ముందు ఆరో స్థానంలో ఒక లింకు వేస్తుంది. తర్వాత ముందు వైపు రెండు పెట్టెలు దూరుస్తుంది, రైలు 20 పెట్టెలదవుతుంది. ఆపైన అయిదో స్థానంలో ఇంకో లింకు. దీంతో నాలుగు ద్విబంధాల అరాకిడోనిక్ ఆమ్లం తయారు. వాపు, నొప్పి, రక్తం గడ్డకట్టడం వంటి పనుల్లో పాల్గొనే రసాయనాలెన్నో దీన్నుంచే పుడతాయి. ఇంత మార్పు జరిగినా గార్డు వైపు నుంచి చూస్తే మొదటి లింకు ఆరో పెట్టె దగ్గరే ఉంది. ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లానికీ ఇవే మూడు మెట్లు, ఇవే ఎంజైములు. చివరికి వచ్చేది ఈపీఏ. దాన్ని ఇంకా సాగదీసి, మరో లింకు వేసి, కాస్త కత్తిరిస్తే 22 కార్బన్ల డీహెచ్‌ఏ అవుతుంది. మెదడు పొరల్లోనూ కంటి రెటీనాలోనూ దట్టంగా ఉండేది ఇదే. దీని మొదటి లింకు కూడా మూడు దగ్గర్నుంచి కదల్లేదు.

కదిలించే అడ్డదారి ఏమైనా ఉందా అని వెతికితే, లేదు. ఒమేగా-3 ఆమ్లంలో గార్డు వైపున్న ఆ ఒక్క జంట లింకును విప్పి ఒంటి లింకు చేస్తే ఒమేగా-6 వస్తుంది. ఆ పనికి మనలో ఎంజైము లేదు. పోనీ పెట్టెలు కత్తిరిద్దామంటే శరీరం కత్తిరించేది కూడా ఇంజను వైపు నుంచే, రెండేసి చొప్పున. మొత్తం రైలును విప్పేసి, ఆ కార్బన్లతో కొత్తది కట్టుకోవచ్చు. కానీ అలా సొంతంగా కట్టుకున్నప్పుడు వచ్చేది పామిటిక్ ఆమ్లం, దాన్నుంచి స్టియరిక్, ఒలీక్ ఆమ్లాలు. ఒలీక్ ఆమ్లం ఒమేగా-9. ఈ రెండు కుటుంబాలూ మాత్రం తిండితోనే రావాలి. మొక్కల దగ్గర 12, 15 స్థానాల్లో లింకు వేసే ఎంజైములు రెండూ ఉన్నాయి కాబట్టి వాటికి ఈ బాధ లేదు.

ఈ సంగతికి తొలి ఆనవాలు ఎలుకల తోకల మీద కనిపించింది. 1929లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జార్జ్ బర్, మిల్డ్రెడ్ బర్ దంపతులు ఎలుకలకు కొవ్వన్నది చుక్క లేకుండా తిండి పెట్టారు. విటమిన్లకు లోటు లేదు. అయినా వాటి తోకలు పొలుసులు తేలాయి, ఎదుగుదల ఆగింది, మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, చివరికి చనిపోయాయి. లినోలిక్ ఆమ్లం కొద్దిగా ఇస్తే కోలుకున్నాయి. కొవ్వు వట్టి ఇంధనమేననీ, పిండి పదార్థాల నుంచి ఒళ్ళు దాన్ని తయారుచేసుకోగలదనీ అప్పటిదాకా ఉన్న నమ్మకం అక్కడితో చెదిరింది.

రెండు కుటుంబాలూ అందనప్పుడు శరీరం ఊరుకోదు. ఆరో స్థానపు ఎంజైము చేతికి దొరికిన ఒలీక్ ఆమ్లాన్నే పట్టుకుని అవే మూడు మెట్లు ఎక్కిస్తుంది. మూడు ద్విబంధాల మీడ్ ఆమ్లం వస్తుంది. ఆరోగ్యవంతుల రక్తంలో ఇది నామమాత్రం. అందుకే మీడ్ ఆమ్లాన్ని అరాకిడోనిక్ ఆమ్లంతో పోల్చి, నిష్పత్తి 0.4 దాటితే లోపమున్నట్టని హోల్మన్ 1960లో ఒక కొలత పెట్టాడు. తర్వాత 0.2 దాటినా అనుమానించాలన్నారు. కొవ్వు కలపకుండా నరం ద్వారా ఆహారం ఎక్కించిన తొలి రోజుల్లో, చర్మం పొలుసులుగా లేచిన రోగుల్లో ఈ లోపం పట్టుబడింది ఇలాగే.

కుసుమ నూనె పాప విషయంలో ఈ కొలత అక్కరకు రాదు. ఒమేగా-6 దండిగా ఉన్నచోట ఎంజైము ఒలీక్ ఆమ్లం జోలికి పోదు, మీడ్ ఆమ్లం పెరగదు, చర్మం కూడా బాగానే ఉంటుంది. వట్టి ఒమేగా-3 లోపానికి గుర్తు వేరే. డీహెచ్‌ఏ తగ్గుతుంది, దాని స్థానంలోకి ఒమేగా-6 నుంచి సాగదీసిన 22 కార్బన్ల ఆమ్లం వచ్చి చేరుతుంది. అంతే పొడవు, ద్విబంధాలు ఆరుకు బదులు అయిదు. లేనిది ఏదంటే గార్డు వైపు మూడో పెట్టె దగ్గరిదే. తనకు చేతనైనంతలో శరీరం చేసుకున్న నకలు అది. నకలుతో కంటికి పని జరగదని 1984లో న్యూరింగర్, కానర్ బృందం కోతి పిల్లల్లో చూపించింది. కుసుమ నూనె ఆహారంతో పెరిగిన పిల్లల చూపు, సోయాబీన్ నూనెతో పెరిగినవాటి కంటే మందగించింది. ఒక్క పాప కేసుతో సూత్రం కట్టలేం. రెండు ద్రవాల్లో వేరే తేడాలూ ఉండొచ్చని అభ్యంతరపడినవారున్నారు. కోతుల ఫలితం వచ్చాక ఆ అభ్యంతరం బలం తగ్గిందని నా అభిప్రాయం.

నిజంగా అడ్డం పడుతున్నది ఆ ఒక్క ఎంజైమేనా? 2004లో బోస్టన్‌లో జింగ్ కాంగ్ బృందం దీన్ని సూటిగా తేల్చింది. సీ. ఎలిగాన్స్ అనే చిన్న నులిపురుగుకు మనకు లేని ఆ ఎంజైము ఉంది. దాని జన్యువును ఎలుకల్లో పెట్టారు. ఒమేగా-6 ఎక్కువ, ఒమేగా-3 అతి తక్కువ ఉన్న తిండి మీదే పెరిగినా ఆ ఎలుకల కణాల్లో ఒమేగా-3 దండిగా చేరింది. అదే తిండి తిన్న మామూలు ఎలుకల్లో చేరలేదు. జంతువులకు సాధ్యం కాదని పాఠ్యపుస్తకాల్లో రాసే మాట వెన్నెముక ఉన్నవాటికే వర్తిస్తుందనుకోవాలి. నులిపురుగులతో పాటు నత్తలు, పగడపు జీవుల వంటివాటిలోనూ ఇలాంటి జన్యువులు బయటపడుతున్నాయి. పిల్లులది ఇంకో బాధ. వాటికి ఆరో స్థానపు ఎంజైము పని దాదాపు లేదు కాబట్టి నూనెలోని మూల ఆమ్లాలు ఉన్నా చాలవు, అరాకిడోనిక్ ఆమ్లం మాంసంతోనే రావాలి.

మన వంటింట్లోనూ లోటు ఒమేగా-6కు రాదు. పొద్దుతిరుగుడు, నువ్వులు, వేరుశనగ, తవుడు నూనెలన్నిట్లో అది ఉంది, ఒమేగా-3 మాత్రం నామమాత్రం. ఆవనూనెలో దాదాపు పది శాతం, అవిసె నూనెలో సగానికి పైగా ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం ఉంటుంది. పాప అవసరాన్ని హోల్మన్ మొత్తం కేలరీల్లో అర శాతానికి కాస్త పైన అంచనా వేశాడు. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి అది గ్రాము పైచిలుకు. అయిదారు గ్రాముల అవిసె గింజల్లో ఆ మాత్రం దొరుకుతుంది, పొడి చేసి తింటే. గింజను నమలకుండా మింగితే చాలావరకు అలాగే బయటికి పోతుంది.

ఒక చిక్కు మిగిలే ఉంది. రెండు కుటుంబాలూ ఒకే ఎంజైము ముందు బారు తీరుతాయి గనుక, ఒమేగా-6 మరీ ఎక్కువైతే ఒమేగా-3కి వంతు రావడం ఆలస్యమవుతుంది. ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లంలో ఈపీఏ దాకా చేరేది కొన్ని శాతాలే. డీహెచ్‌ఏ దాకా చేరేది చాలామందిలో ఒక శాతం కూడా ఉండదు, స్త్రీలలో కొంచెం మెరుగు. చేపలు తినేవారికి ఈ మెట్లన్నీ ఎక్కాల్సిన పని లేదు. కవళ్ళు, కానాగంతల వంటి కొవ్వు చేపల్లో డీహెచ్‌ఏ సిద్ధంగా ఉంటుంది. ఆ చేపలు కూడా దాన్ని సొంతంగా చేసుకున్నది తక్కువే. ఎక్కువ భాగం సముద్రపు సూక్ష్మ నాచుల నుంచి వచ్చిందే. శాకాహారుల కోసం అమ్మే డీహెచ్‌ఏ మాత్రల్లో ఉండేది కూడా ఆ నాచుల నూనే.