తెల్లవారగానే గుండెదడ ఎందుకు?

మా బడిలో లెక్కలు చెప్పే అమ్మాయి ఒకరోజు స్టాఫ్ రూములో కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఆపా, ఫజ్ర్‌కు అలారం మోగగానే గుండె దడదడలాడుతుంది. ఏదో ముంచుకొస్తున్నట్టు భయం. నా ఈమాన్‌లోనే లోపముందేమో" అంది. ఇదే మాట మరో ఇద్దరు ముగ్గురు తల్లుల నోట కూడా విన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

మన మూత్రపిండాల పైన టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్‌ను తయారుచేస్తాయి. రాత్రి మొదటి భాగంలో అది చాలా తక్కువగా ఉంటుంది. తెల్లవారుజామున పెరగడం మొదలై, చాలామందిలో కళ్ళు తెరిచాక 30 నుంచి 45 నిమిషాల్లో శిఖరానికి చేరుతుంది. ఆపై రోజంతా తగ్గుతూ పోతుంది. నిద్రపోతున్న ఒంటిని లేపి పనికి సిద్ధం చేయడానికి అల్లాహ్ పెట్టిన ఏర్పాటు ఇది. పని ఒత్తిడి ఎక్కువగా ఉన్నవారిలో ఈ పెరుగుదల కాస్త ఎక్కువని, సెలవు రోజుకంటే పనిదినాన ఎక్కువని పరిశోధకులు లాలాజలం పరీక్షించి గమనించారు. దడకు కార్టిసాల్ ఒక్కటే కారణమని కాదు. ఒళ్ళు అప్పటికే మేల్కొనే ఊపులో ఉంటుంది, దానిమీద మనసులోని దిగులు తోడవుతుంది. ఆ ఊపునే మనం "ఏదో ప్రమాదం" అని చదువుకుంటాం.

ఆమె ఉదయాన్ని ఇద్దరం కూర్చుని పరిశీలించాం. అలారం ఫోన్‌లోనే. మూడుసార్లు ఆపి పడుకునేది, అంటే మూడుసార్లు ఉలిక్కిపడి లేచేది. ఆ వెంటనే మంచం మీదే బడి గ్రూపులో మెసేజీలు చూసేది. తర్వాత పరగడుపున చిక్కటి టీ. ఆదివారం మాత్రం దడ తక్కువట!

ఫోన్ హాల్లో పెట్టి, మామూలు గడియారం కొనుక్కుంది. రేపటి పనులు, అప్పు వాయిదాలు ఇషా తర్వాత కాగితం మీద రాసి మూసేసేది. లేవగానే మంచం అంచున కూర్చుని, పీల్చినదానికంటే నెమ్మదిగా వదులుతూ పది ఊపిరులు తీసేది. అప్పుడు వుజూ, నమాజు. టీ మానలేదు (మానమంటే నా మాట వినేదీ కాదు), రెండు ఖర్జూరాలో ఇడ్లీయో తిన్నాక తాగేది. మొదటి ముప్పావు గంటలో డబ్బు సంగతి, తగవు సంగతి ఎత్తకూడదని ఇంట్లో చెప్పింది.

దడ పూర్తిగా పోలేదు. మూడు వారాలకు, బడికి బయలుదేరేలోపు తగ్గిపోవడం మొదలైంది. "వచ్చింది, పోతుంది అని తెలిశాక భయం సగమైంది ఆపా" అంది.

అయితే అన్నీ దీని ఖాతాలో వేయకూడదు. షుగరుకు ఇన్సులిన్ లేదా మాత్రలు వాడేవారికి ఉదయాన చెమట, వణుకు ఉంటే ముందు షుగరు చూసుకోవాలి, తగ్గి ఉండవచ్చు. బరువు తగ్గుతూ దడ ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించాలి. ఛాతీ నొప్పి ఉంటే ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. రోజూ మూడు, నాలుగింటికే మెలకువ వచ్చి, రెండు వారాలు దాటినా దేనిమీదా మనసు పోకపోతే అది డిప్రెషన్ కావచ్చు. డాక్టరుకు చెప్పుకోవాలి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మా టీచరమ్మ కూడా ముందు ఈసీజీ, థైరాయిడ్ చూపించుకుని, రెండూ బాగున్నాయన్నాకే గడియారం కొంది.