మెడ మీద నల్ల గీత, వేలికి ఆకుపచ్చ మరక: నగ నకిలీదేనా?

వలీమా అయిపోయి వారం రోజులు కాలేదు. కొత్త కోడలు పొద్దున్నే దుపట్టా సర్దుకుంటుంటే మెడ వెనక సన్నటి నల్ల గీత కనిపించింది. పుట్టింటివాళ్లు పెట్టిన రెండు తులాల చైన్ ఆనుకునే చోటే ఉంది ఆ గీత. అత్తగారు తడి బట్టతో తుడిస్తే బట్ట కూడా నల్లబడింది. సాయంత్రానికి ఇంట్లో మాట మొదలైంది. బంగారంలో కల్తీ ఉందని ఒకరు, అసలు బంగారమే కాదని ఇంకొకరు. ఊరి నుంచి వచ్చిన ఖాలా అయితే నజర్ తగిలిందని తేల్చేసింది. అదే అమ్మాయి వేలికి, అత్తింటివాళ్లు తొడిగిన రాయి ఉంగరం కింద, లేత ఆకుపచ్చ మరక కూడా ఉంది. దాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. సబ్బు మరకేమో అనుకున్నారు.

ఇలాంటి గొడవలు చాలా ఇళ్లలో జరుగుతూనే ఉంటాయి. చిక్కేమిటంటే, జనం నల్ల మరకను చూసి భయపడతారు, ఆకుపచ్చ మరకను వదిలేస్తారు. నగ స్వచ్ఛత గురించి ఎక్కువ చెప్పేది మాత్రం ఆ రెండోదే.

ముందు ఒక సంగతి. బంగారం తనంతట తాను నల్లబడదు, చిలుము పట్టదు. చెమటకీ, నీళ్లకీ, గాలికీ అది లొంగదు. కానీ 24 క్యారెట్ల బంగారం మరీ మెత్తన. దానితో గొలుసు చేస్తే కొక్కెం వంగిపోతుంది, ఉంగరం చేస్తే సొట్టలు పడుతుంది. అందుకే గట్టిదనం కోసం రాగి, వెండి, కొన్నిసార్లు జింకు కలుపుతారు. 22 క్యారెట్లంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారం. ఆ కోడలి చైన్ 20 గ్రాములు. 22 క్యారెట్లయితే అందులో అసలు బంగారం 18.32 గ్రాములు, మిగిలిన 1.68 గ్రాములు ఇతర లోహాలు. ఇది మోసం కాదు, నగ తయారీలో ఉండే పద్ధతే. 18 క్యారెట్లలో బంగారం వెయ్యికి 750 పాళ్లు, 14 క్యారెట్లలో 585 పాళ్లు. క్యారెట్ తగ్గేకొద్దీ మరక పెట్టే లోహం పెరుగుతుందన్నమాట.

ఇప్పుడు నల్ల గీత సంగతి. దీనికి ఎక్కువసార్లు కారణం అరుగుదల. అల్యూమినియం గిన్నెను పొడి బట్టతో గట్టిగా రుద్దితే గిన్నె తెల్లగానే ఉంటుంది, బట్ట మాత్రం నల్లబడుతుంది. ఏ లోహమైనా ముద్దగా ఉన్నప్పుడు మెరుస్తుంది, బాగా సన్నటి పొడి అయితే నల్లగా కనిపిస్తుంది. బంగారు నగ విషయంలోనూ అంతే. మరి చర్మం అంత మెత్తగా ఉంటుంది కదా, బంగారాన్ని ఎలా అరగదీస్తుంది? అరగదీసేది చర్మం కాదు, దాని మీద రాసుకున్నది. ఫౌండేషన్, సన్‌స్క్రీన్, కాలమైన్ లోషన్, కొన్ని చెమటకాయల పౌడర్లలో జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ లాంటి పొడులు ఉంటాయి. వాటి రేణువులు బంగారం కంటే గట్టివి. మెడ కదిలినప్పుడల్లా గొలుసుకీ చర్మానికీ మధ్య అవి ఇసుక కాగితంలా పనిచేస్తాయి. రాలిన పొడి చెమటతో కలిసి గీతలా అంటుకుంటుంది. పెళ్లి, వలీమా రోజుల్లో మెడ దాకా మేకప్ వేస్తారు, పైగా నగ రోజంతా ఒంటి మీదే ఉంటుంది. కాబట్టి కొత్త కోడళ్లలో ఈ గీత ఎక్కువగా కనిపించడంలో వింతేమీ లేదు. అరిగిపోయే బంగారం ఎంత అంటారా? షాపు త్రాసులో తేడా కూడా తెలియనంత.

నల్లబడటానికి ఇంకో దారి వెండి. నగలో కలిపిన వెండికి గంధకం తగిలితే నల్లటి పొర ఏర్పడుతుంది. ఇంట్లో వెండి పట్టీలు నల్లబడేది కూడా ఇలాగే. గంధకం ఉన్న మందు సబ్బులు వాడేవాళ్లలో ఇది త్వరగా జరగొచ్చు. 22 క్యారెట్ల నగలో వెండి తక్కువ కాబట్టి నగ మొత్తం నల్లబడటం అరుదు. అతుకుల దగ్గర, నగిషీ సందుల్లో, మురికి నిలిచే చోట మాత్రం నలుపు తేలుతుంది.

కాబట్టి నల్ల మరక ఒక్కదాన్ని చూసి నగ కల్తీదని అనడానికి లేదు. 22 క్యారెట్లదీ పెడుతుంది, 18 క్యారెట్లదీ పెడుతుంది. ఒంట్లో వేడి ఎక్కువైందనో, రక్తం పాడైందనో చెప్పే మాటలు కూడా ఈ గీత ఆధారంగా నమ్మక్కర్లేదు.

ఆకుపచ్చ మరక కథ వేరు. అది రాగి సంతకం. రాగి బిందెను నాలుగు రోజులు తడిగా వదిలేస్తే చిలుము పడుతుంది కదా, చింతపండు పెట్టి తోమితే గానీ పోదు. వేలి మీద జరిగేదీ దాదాపు అదే. చెమటలో ఉప్పు ఉంటుంది, కాస్త పులుపు గుణమూ ఉంటుంది. గాలి, తేమ తోడైతే నగలోని రాగి కరిగి ఆకుపచ్చ లవణంగా మారి చర్మానికి అంటుతుంది. ఉంగరం కింద సబ్బు నీళ్లు నిలుస్తాయి, గాలి ఆడదు, అందుకే అక్కడ ఎక్కువ. సబ్బుతో కడిగితే పోతుంది, చర్మానికి దాని వల్ల హాని లేదు. దురద, ఎర్రటి దద్దుర్లు వస్తే అది వేరే సమస్య. నికెల్ పడనివాళ్లకు అలా వస్తుంది, అప్పుడు డాక్టర్‌కు చూపించాలి.

బంగారం పాలు బాగా ఉన్నప్పుడు రాగి అంత సులువుగా బయటికి రాదు. 22 క్యారెట్ల ఉంగరం శుభ్రంగా తొడుక్కుంటే ఆకుపచ్చ పట్టీ వేయడం అరుదు. అతుకు దగ్గర చిన్న చుక్కలా వస్తే కంగారు పడక్కర్లేదు. అతకడానికి వాడే టంకం తక్కువ వేడికే కరగాలి కాబట్టి అందులో ఇతర లోహాలు ఎక్కువగా ఉండొచ్చు. కానీ ఉంగరం చుట్టూ, కడిగిన ప్రతిసారీ పోయి, మళ్లీ రెండు రోజుల్లో అదే ఆకుపచ్చ వస్తుంటే, అమ్మినవాళ్లు 22 క్యారెట్లని చెప్పి ఉంటే, అప్పుడు అనుమానించాల్సిందే. అది తక్కువ క్యారెట్‌దైనా కావాలి, రాగి మీద బంగారు పూతైనా కావాలి. పూత అయితే ఇంకో గుర్తు ఉంటుంది. ఉంగరం లోపలి వైపు, కొక్కెం దగ్గర, అంటే ఎక్కువ రాసుకునే చోట పైపొర పోయి ఎర్రగానో తెల్లగానో వేరే రంగు బయటపడుతుంది. వన్ గ్రామ్ గోల్డ్ నగలు వాడినవాళ్లకు ఇది బాగా తెలుసు.

ఆ ఇంట్లో ఆడపడుచు కాస్త తెలివైన పని చేసింది. వదినను మూడు రోజులు మెడకు ఏమీ రాయకుండా ఉండమంది. చైన్‌ను గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా షాంపూ వేసి, మెత్తటి బ్రష్‌తో కడిగి ఆరబెట్టింది. మూడు రోజులూ గీత పడలేదు. నాలుగో రోజు ఫంక్షన్ ఉందని మెడకు ఫౌండేషన్ రాసుకుంటే మళ్లీ పడింది. అక్కడికి నల్ల గీత గుట్టు తేలిపోయింది. అయినా సమ్‌ధియానాలో మాట పట్టింపు కదా, రుజువు కావాలన్నారు. అప్పుడు చైన్ కొక్కెం దగ్గర భూతద్దం పెట్టి చూశారు. బీఐఎస్ ముద్ర, 22K916, ఆ పక్కన అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు గుర్తుల హెచ్‌యూఐడీ నంబరు ఉన్నాయి. ఫోన్‌లో BIS Care యాప్ తెరిచి Verify HUID దగ్గర ఆ నంబరు కొడితే వస్తువు రకం, స్వచ్ఛత, హాల్‌మార్క్ వేసిన కేంద్రం వివరాలు వచ్చాయి. యాప్‌లో చైన్ అనే ఉంది, చేతిలో ఉన్నదీ చైనే. ఈ పోలిక ముఖ్యం. నంబరు ఒక్కటి ఉంటే చాలదు, యాప్‌లో వచ్చే వివరం చేతిలో నగతో సరిపోవాలి.

2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ లేకుండా హాల్‌మార్క్ నగలు అమ్మకూడదు. అంతకు ముందు కొన్న నగల మీద పాత పద్ధతి ముద్రలు ఉంటాయి, అవీ చెల్లుతాయి. రెండు గ్రాముల లోపు వస్తువులకు, కుందన్, పోల్కీ, జడావు నగలకు ఈ తప్పనిసరి నిబంధన వర్తించదు. మన పెళ్లిళ్లలో జడావు పెట్టేవాళ్లు తక్కువేమీ కాదు కాబట్టి అలాంటివి కొనేటప్పుడు బిల్లులో బంగారం బరువు, క్యారెట్, రాళ్ల బరువు విడివిడిగా రాయించుకోవడం మంచిది.

చైన్ సంగతి తేలాక ఎవరో ఉంగరం గుర్తుచేశారు. దాని మీద ఏ ముద్రా లేదు. తెలిసిన షాపు, పాత పరిచయం, బిల్లు బదులు చిట్టీ. చిట్టీలో ‘గోల్డ్ రింగ్, 4 గ్రా.’ అని మాత్రమే ఉంది. రేటు మాత్రం 22 క్యారెట్ల లెక్కనే కట్టారట. ఉంగరాన్ని హాల్‌మార్కింగ్ కేంద్రానికి తీసుకెళ్లి టెస్ట్ చేయించారు. దాదాపు 14 క్యారెట్లని వచ్చింది. అంటే నాలుగు గ్రాముల్లో 3.66 గ్రాములు ఉండాల్సిన బంగారం 2.34 గ్రాములే ఉంది. లెక్క సులువు కోసం స్వచ్ఛమైన బంగారం గ్రాము పది వేలు అనుకుంటే, 13 వేలకు పైగా నష్టం.

టెస్ట్‌లో కూడా ఒక మెలిక ఉంది. షాపుల్లో, కేంద్రాల్లో నగను మిషన్‌లో పెట్టి నిమిషంలో చెప్పేస్తారు. ఆ ఎక్స్-రే మిషన్ నగ పైపొరను మాత్రమే చదువుతుంది. పూత మందంగా ఉంటే లోపలిది దానికి అందదు. గీటురాయి మీద గీసి యాసిడ్ వేయడం కూడా పైపైనే. తిరుగులేని పద్ధతి ఫైర్ అస్సే. నగ నుంచి చిన్న ముక్క తీసి, సీసంతో కలిపి వెయ్యి డిగ్రీల పైన కరిగించి, రాగి లాంటివి తొలగించి, వెండిని నైట్రిక్ యాసిడ్‌లో కరిగించి, మిగిలిన బంగారాన్ని తూస్తారు. అంత చిన్న ఉంగరానికి ముక్క తీయడం ఇష్టం లేక వీళ్లు మిషన్‌తోనే సరిపెట్టుకున్నారు. లోపలి వైపు, బయటి వైపు, అతుకు మీద మూడు చోట్ల చూపించారు. రెండు వైపులా దాదాపు ఒకే లెక్క వచ్చింది, అతుకు దగ్గర ఇంకా తక్కువ. అంటే అది పూత కాదు, మొత్తం తక్కువ క్యారెట్‌దే.

ఉంగరానికి 22K916 ముద్ర ఉండి ఈ ఫలితం వచ్చి ఉంటే దారి వేరుగా ఉండేది. 2018 నాటి బీఐఎస్ నిబంధనల ప్రకారం, ముద్రలో చెప్పిన స్వచ్ఛత కంటే తగ్గితే ఆ తరుగు విలువకు రెండింతలు, టెస్ట్ ఖర్చుతో సహా కొన్నవాళ్లకు ఇవ్వాలి. ముద్రా లేదు, చిట్టీలో క్యారెట్టూ లేదు. షాపు ఆయన్ని అడిగితే, “నేను 22 అని ఎక్కడ రాసిచ్చాను భాయ్?” అన్నాడు. వాపసు ఇస్తే 14 క్యారెట్ల రేటుకు తీసుకుంటానన్నాడు.

ఉంగరం ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. చైన్ మాత్రం కోడలి మెడలోనే. ఫౌండేషన్ వేసుకున్న రోజు తీసి పెట్టి, మేకప్ ఆరాక వేసుకుంటోంది. మెడ వెనక గీత పడటం లేదు.